ఎక్కాలు వల్లె వేయించే ముందు: గింజల గుంపులా, చుక్కల వరుసలా, గళ్ళ కాగితమా?

ఎక్కాలు బాగా వచ్చని పేరున్న మూడో తరగతి పిల్లాడిని పిలిచి "ఏడు ఎనిమిదులు ఎంత?" అని అడగండి. వెంటనే యాభై ఆరు అనడు. ముందు పెదాలు కదులుతాయి. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి... ఇలా కింది మెట్టు నుంచి ఎక్కుతూ వస్తేగాని వాడికి ఎనిమిదో మెట్టు దొరకదు, మధ్యలో ఎవరైనా పిలిచారంటే మళ్ళీ మొదటికే. ఇప్పుడు ఇంకొకటి అడగండి, "ఏడు పదకొండ్లు ఎంత?" అని. నాకు మా క్లాసులో వచ్చిన జవాబు: "మాకు పది దాకే చెప్పారు టీచర్."

ఆ పిల్లాడిది తప్పేం లేదు. పాట నేర్పాం, పాట పాడాడు. పాటలో లేని చరణం అడిగితే ఎక్కణ్ణుంచి తెస్తాడు?

అసలు విచిత్రం ఏంటంటే, గుణకారం అంటే ఏమిటో తెలుగు ఎక్కంలోనే ఉంది. "మూడు నాలుగులు పన్నెండు" అంటున్నామంటే నాలుగులు మూడు ఉన్నాయని చెబుతున్నట్టే, నాలుగేసి చొప్పున మూడు కుప్పలు అన్నమాట. "మూడు ఇంటూ నాలుగు" అన్నప్పుడు ఆ బొమ్మ కనబడదు. ఇంగ్లీష్ మీడియం పిల్లలు "త్రీ ఫోర్ జా ట్వెల్వ్" అంటారు కదా, ఒకసారి ఒక పాప నన్ను "జా అంటే ఏంటి టీచర్?" అని అడిగింది. ఫోర్స్ ఆర్ అన్నది నోట్లో నలిగి నలిగి జా అయిందని చెప్పేసరికి క్లాసంతా నవ్వులే. కానీ ఆ "జా"లోనే "నాలుగులు" అన్న బహువచనం చచ్చిపోయింది. మన ఎక్కంలో అది ఇంకా బతికే ఉంది. దాన్ని ఒకసారి నేలమీద పేర్చి చూపించాక వల్లె వేయిస్తే వచ్చే ఫలితం వేరుగా ఉంటుంది.

పేర్చి చూపించడానికి నేను వాడేవి మూడు పద్ధతులు. దొప్పల్లో గింజల గుంపులు, వరుసల్లో చుక్కలు లేదా మూతలు, గళ్ళ కాగితం మీద దీర్ఘచతురస్రం. ఈ మూడూ ఒకటేలే, ఏది చేయించినా పర్లేదు అని చాలామంది అనుకుంటారు, మొదట్లో నేనూ అనుకున్నాను. కానీ ఒకదానిలో తేలిగ్గా కనిపించేది ఇంకోదానిలో అసలు కనబడదు. అందుకే మీ పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో చూసుకుని దాన్నిబట్టి ఎంచుకోవాలి.

గుంపులు: అర్థం తెలియని పిల్లలకు ఇదే మొదలు

కావలసినవి ఓ ముప్పై నలభై చింతగింజలు, నేలమీద సుద్దముక్కతో గీసిన సున్నాలు లేదా నాలుగైదు విస్తరాకు దొప్పలు. కందిపప్పు, పెసలు వద్దు, మరీ చిన్నవి, వేళ్ళకు చిక్కవు. ఇంట్లో పాకే పిల్లలుంటే చింతగింజలు కూడా వద్దు, నోట్లో పెట్టుకుంటారు, పెద్ద మూతలు వాడండి.

"మూడు నాలుగులు పెట్టు" అనండి. ఇక ఏమీ చెప్పకుండా చూడండి. కొందరు మూడు దొప్పల్లో నాలుగేసి వేస్తారు. కొందరు ఒక దొప్పలో మూడు, ఇంకో దొప్పలో నాలుగు వేసి "ఏడు" అంటారు. ఈ రెండో రకం పిల్లల్లో మూడో ఎక్కం గడగడా అప్పజెప్పేవాళ్ళు కూడా ఉంటారు, అది చూసి నేను మొదటిసారి బిత్తరపోయాను. "ఒక ఆటోలో నలుగురు, ఆరు ఆటోల్లో ఎంతమంది?" అంటే పది అని రాసేది వీళ్ళే. లెక్కలో రెండు అంకెలు కనబడితే కలిపేయడమే వాళ్ళకు తెలిసిన దారి. ఎక్కం నోటికి వచ్చినా, అది ఎందుకోసమో తెలియదు.

వీళ్ళని సరిదిద్దడానికి తప్పు అని చెప్పక్కర్లేదు. ప్రతిసారీ రెండే ప్రశ్నలు అడుగుతాను: "దొప్పలెన్ని? ఒక్కో దొప్పలో ఎన్ని?" నాలుగు రోజులు ఇదే అడిగితే ఐదో రోజు గింజలు పెట్టేముందు వాళ్ళే గొణుక్కుంటారు. రెండు అంకెలు చేసే పని వేర్వేరని తెలిసిందంటే సగం గండం గడిచినట్టే.

గుంపుల్లో ఇంకో చిన్న ఆట ఉంది, నాకు బాగా ఇష్టం. మూడు దొప్పల్లో నాలుగేసి గింజలున్నాయి కదా, "ఇప్పుడు దీన్ని మూడు ఐదులు చెయ్యి" అనండి. చాలామంది మొత్తం ఒలకబోసి మళ్ళీ మొదట్నుంచీ పెడతారు. పెట్టనివ్వండి. తర్వాత "మూడు ఆర్లు చెయ్యి" అనండి, అప్పుడూ ఒలకబోస్తే "మూడు ఏళ్ళు చెయ్యి" అనండి. ఎక్కడో ఒకచోట వాడికే విసుగొచ్చి ఒక్కో దొప్పలో ఒక్కో గింజ వేసి ఊరుకుంటాడు. అప్పుడు అడగాలి, "ఎన్ని గింజలు కొత్తగా వేశావు?" అని. మూడు. మూడో ఎక్కం ప్రతి మెట్టుకీ మూడు ఎందుకు పెరుగుతుందో వాడు ఇప్పుడు చూశాడు, ఎందుకంటే దొప్పలు మూడున్నాయి, ఒక్కోదానికి ఒకటి చొప్పున. ఈ ఒక్కటి తెలిస్తే "పది దాకే చెప్పారు" అన్న సమస్య ఉండదు.

సున్నా సంగతి కూడా గుంపుల్లోనే తేలాలి. మూడు ఖాళీ దొప్పలు ముందు పెట్టి "ఇవి మూడు సున్నాలు, గింజలెన్ని?" అంటే ఎవరైనా సున్నా అంటారు. కాగితం మీద మాత్రం మూడు ఇంటూ సున్నాకి మూడు అని రాసేవాళ్ళకు కొదవలేదు. వరుసల పద్ధతిలో దీన్ని చూపించలేం, లేని చుక్కల్ని ఎలా పేరుస్తాం? భాగహారానికీ గుంపులే మేలు: పదిహేను గింజల్ని నాలుగు దొప్పలకు పంచితే మూడేసి వచ్చి మూడు మిగిలాయి, చేతిలో కనబడుతున్నాయి.

ఇక ఈ పద్ధతికి ఉన్న లోపం. మూడు దొప్పల్లో నాలుగేసి, నాలుగు దొప్పల్లో మూడేసి పక్కపక్కన పెట్టి "రెండూ ఒకటేనా?" అని అడిగితే పిల్లలు కాదంటారు. నిజానికి వాళ్ళదే కరెక్టు. రోజుకు నాలుగు మాత్రల చొప్పున మూడు రోజులు వేసుకోవడం, రోజుకు మూడు చొప్పున నాలుగు రోజులు వేసుకోవడం ఒకటి కాదు కదా, మాత్రలు మాత్రం రెండింటికీ పన్నెండే. అర్థం వేరు, మొత్తం ఒకటే. మొత్తం ఎందుకు ఒకటవుతుందో గుంపులు చెప్పలేవు. రెండుసార్లు లెక్కపెట్టి "అదేంటి, రెండూ పన్నెండే వచ్చాయి" అని ఆశ్చర్యపోవడమే తప్ప కారణం దొరకదు. రెండో లోపం, గుంపులు పెద్దవైతే పని సాగదు. ఏడు దొప్పల్లో ఎనిమిదేసి పెట్టి లెక్కపెట్టేసరికి ఒకటి అటో ఇటో అయి యాభై ఐదో యాభై ఏడో వస్తుంది, దొప్పలో కుప్పగా ఉన్నప్పుడు ఎనిమిదున్నాయా ఏడున్నాయా అన్నది చూపుకు ఆనదు. మొత్తం ముప్పై దాటిందంటే గుంపులు పక్కన పెట్టేయండి.

వరుసలు: ఎక్కం దొరికేది ఇక్కడ

అవే గింజల్ని దొప్పల్లోంచి తీసి ఒక్కో దొప్పని ఒక్కో అడ్డ వరుసగా పేర్చమనండి. మూడు వరుసలు, వరుసకు నాలుగు. ఈ మార్పు పిల్లల చేతే చేయించాలి, అప్పుడే దొప్ప వరుసైందని తెలుస్తుంది. నేరుగా వరుసల బొమ్మ చూపిస్తే అదేదో కొత్త పాఠం అనుకుంటారు.

గింజలు దొర్లిపోతాయి కాబట్టి వరుసలకు వాటర్ బాటిల్ మూతలు మంచివి, ఓ వంద పోగేస్తే పది పదుల దాకా సరిపోతాయి. పాత క్యాలెండర్ వెనకవైపు చుక్కలు పెట్టుకున్నా, బొట్టుబిళ్ళలు అంటించుకున్నా చాలు. ముగ్గు చుక్కలు కూడా పనికొస్తాయి కానీ ఒక జాగ్రత్త. సందు చుక్క వద్దు, అందులో రెండు చుక్కల మధ్య సందులో పై వరుస చుక్క పడుతుంది, వరుస వరుసకీ ఒకటి తగ్గుతుంది. సరి చుక్కలోనూ అన్ని వరుసలూ సమానంగా ఉండేదే కావాలి. ఒక పాప ఇంటి దగ్గర సందు చుక్క పెట్టుకొచ్చి "ఐదు వరుసలు, కింద ఐదు, కానీ ఇరవై ఐదు రావట్లేదు టీచర్" అంది. పదిహేనే వచ్చాయి. వరుసలన్నీ సమానంగా లేకపోతే ఎక్కం పనిచేయదని నేను చెప్పేదానికంటే ఆ ముగ్గే బాగా చెప్పింది.

మొదటి పని, తిప్పడం. చుక్కలున్న అట్టను పరీక్ష ప్యాడ్ మీద క్లిప్పు పెట్టి పట్టుకుంటాను. "ఎన్ని వరుసలు? వరుసకెన్ని?" మూడు, నాలుగు. ప్యాడ్ పక్కకు తిప్పి మళ్ళీ అదే ప్రశ్న. నాలుగు, మూడు. "చుక్కలు పెరిగాయా తగ్గాయా?" ఎవరూ లెక్కపెట్టరు, అవే చుక్కలని కళ్ళెదురుగా తెలుస్తోంది. ముప్పై గుడ్ల ట్రే దొరికితే ఇంకా మంచిది, ఒకవైపు నుంచి ఐదు వరుసలు ఆరేసి, అటు తిప్పితే ఆరు వరుసలు ఐదేసి. గుంపుల్లో దొరకని కారణం ఇదే: అడ్డ వరుసలు చూసినా నిలువు వరుసలు చూసినా చుక్కలు అవే. ఇక ఏడు ఎనిమిదులు వస్తే ఎనిమిది ఏళ్ళు వేరే నేర్వక్కర్లేదు.

ఇప్పుడు ఏడు ఎనిమిదులు చేసిన రోజు ఏం జరిగిందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పద్ధతి ఎక్కడ చెడిపోతుందో అందులోనే తెలుస్తుంది.

ఏడు అడ్డ వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు ఉన్న అట్ట ఇచ్చాను. అందరూ వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అంటూ మొదలెట్టారు. ఇదే పెద్ద గొయ్యి. యాభై ఆరు చుక్కల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడితే పిల్లలు లెక్కింపు నేర్చుకుంటారు, గుణకారం కాదు. జవాబు కరెక్టే వస్తుంది కాబట్టి టీచరుకు కూడా అనుమానం రాదు. తెలుసుకోవాలంటే జవాబు కాదు, వేలు చూడాలి: చుక్క చుక్కకీ ఆగుతోందా, వరుస మీద జారుతోందా?

అందుకని నోట్‌బుక్ ఒకటి తీసి చుక్కల మీద మూసేశాను. పై అడ్డ వరుస, ఎడమవైపు నిలువు వరుస మాత్రమే బయట కనబడేలా. ఇప్పుడు కనబడుతున్నవి పద్నాలుగే, మూలనున్న చుక్క రెండు వరుసలకూ చెందినది. "నోట్‌బుక్ కింద దాక్కున్నవాటితో కలిపి మొత్తం ఎన్ని?" ఒకడు పద్నాలుగన్నాడు, ఒకమ్మాయి ఏడూ ఎనిమిదీ కలిపి పదిహేనంది. నోట్‌బుక్ కాస్త కిందికి జరిపి రెండో వరుస చూపించాను. "దీనిలో ఎన్ని?" లెక్కపెట్టకుండానే ఎనిమిది అన్నారు. "ఎలా తెలిసింది?" "అన్నిట్లోనూ ఎనిమిదే కదా టీచర్." ఆ మాట వచ్చాక మళ్ళీ మూసేశాను. ఈసారి వేళ్ళు ఎడమ పక్క చుక్కల మీద కిందికి దిగాయి: ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు... అక్కడ చాలామంది తడబడ్డారు. ముప్పై రెండుకు ఎనిమిది కలపడం వాళ్ళకు కష్టమే.

అక్కడ చీపురు పుల్ల ఇచ్చాను. "దీన్ని చుక్కల మధ్య ఎక్కడైనా పెట్టి, మీకు సులువుగా వచ్చే రెండు ముక్కలు చేసుకోండి" అన్నాను. ఎక్కడ పెట్టాలో నేను చెప్పలేదు, అది చెబితే ఆట చెడిపోతుంది. పదిహేనన్న అమ్మాయి ఐదో నిలువు వరుస తర్వాత పుల్ల పెట్టింది. ఎడమవైపు ఏడు ఐదులు ముప్పై ఐదు, కుడివైపు ఏడు మూళ్ళు ఇరవై ఒకటి, కలిపితే యాభై ఆరు. ఇంకో పిల్లాడు అడ్డంగా పెట్టాడు, పైన నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు, కింద మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు, యాభై ఆరు. మూడోవాడికి ఏడేళ్ళు నలభై తొమ్మిది నోటికొచ్చు, చివరి నిలువు వరుస ఒక్కటి విడదీసి ఏడు కలిపాడు. అందరికీ యాభై ఆరే వచ్చేసరికి "నువ్వు ఎక్కడ పెట్టావురా?" అని ఒకళ్ళ అట్ట ఒకళ్ళు లాక్కుని చూసుకున్నారు. ఆ పది నిమిషాలు నేను నోరు మెదపలేదు, చాలా కష్టమైన పనే అది.

పుల్ల ఆట పాడయ్యేది ఒక్కచోట. కొందరు పుల్లను వరుసల మధ్య పెట్టకుండా ఏకంగా చుక్కల మీదే పెట్టేసి, ఆ వరుసను రెండువైపులా లెక్కేస్తారు లేదా రెండువైపులా వదిలేస్తారు. జవాబు సరిగ్గా ఎనిమిదో ఏడో ఎక్కువో తక్కువో వస్తే కారణం ఇదేనని పట్టేయవచ్చు, ఇంకోచోట వెతకనక్కర్లేదు.

వరుసలతోనే చేయించదగ్గ రెండో ఆట, మూతలిచ్చి దీర్ఘచతురస్రాలు పేర్పించడం. పన్నెండు మూతలిస్తే ఒకటి పన్నెండు, రెండు ఆర్లు, మూడు నాలుగులు దొరుకుతాయి. ఇరవై నాలుగిస్తే ఇంకా సరదా, నాలుగు రకాలు. తర్వాత పదమూడు ఇవ్వండి. మా క్లాసులో కాసేపు తంటాలు పడి "టీచర్, మీరు ఒక మూత తక్కువిచ్చారు" అన్నారు. పదమూడుకు ఒక్క పొడుగు వరుస తప్ప దారి లేదని వాళ్ళే తేల్చుకున్నారు. ప్రధాన సంఖ్య అన్న మాట పై తరగతులకు వెళ్ళాక వింటారు, కంగారేం లేదు.

గళ్ళ కాగితం: మూడోది, కానీ తొందరపడొద్దు

చుక్కలు పది పదుల దాకా బాగానే పనిచేస్తాయి. పద్నాలుగు ఆర్లు దగ్గరికి వచ్చేసరికి ఎనభై నాలుగు చుక్కలు, కళ్ళు తిరుగుతాయి. అప్పుడు లెక్కల నోట్‌బుక్‌లో గళ్ళ మీద అంచు గీయించడం మొదలుపెట్టాలి. అడ్డంగా పద్నాలుగు గళ్ళు, నిలువుగా ఆరు. పదో గడి దగ్గర ఒక గీత. పది ఆర్లు అరవై, నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, ఎనభై నాలుగు. చీపురు పుల్లే ఇక్కడ పెన్సిల్ గీత అయింది.

దీని అసలు ఉపయోగం రెండంకెల గుణకారంలో. ఇరవై మూడుని పద్నాలుగుతో గుణించేటప్పుడు రెండో వరుసలో కుడి చివర ఇంటూ గుర్తో సున్నానో పెట్టిస్తాం కదా, ఎందుకని పిల్లలు అడగరు, అడిగినా "అలాగే పెట్టాలి" అంటాం. ఇరవై మూడు గళ్ళు అడ్డం, పద్నాలుగు నిలువు గీసి, అటు ఇరవై దగ్గర, ఇటు పది దగ్గర గీతలు గీస్తే నాలుగు ముక్కలొస్తాయి: రెండు వందలు, ముప్పై, ఎనభై, పన్నెండు. కింది రెండు ముక్కలూ కలిస్తే తొంభై రెండు, అది మామూలు పద్ధతిలో మొదటి వరుస. పై రెండూ కలిస్తే రెండు వందల ముప్పై, అది రెండో వరుస. పదితో గుణిస్తున్నాం కాబట్టే ఆ చోటు ఖాళీ వదిలామని అప్పుడు తెలుస్తుంది. మొత్తం మూడు వందల ఇరవై రెండు.

ఇక్కడ వచ్చే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: గళ్ళకు బదులు గీతలు లెక్కపెట్టడం. ఆరు గళ్ళకు ఏడు గీతలుంటాయి, కాబట్టి ఆరో గీత దగ్గర ఆపేసి ఐదు గళ్ళే తీసుకుంటారు. ప్రతి గడిలో చిన్న చుక్క పెట్టించండి, రెండు రోజుల్లో పోతుంది. చుక్కల వరుసలకూ గళ్ళకూ ఉన్న చుట్టరికం కూడా అలాగే తెలుస్తుంది. వరుసలు సరిగ్గా రాని పిల్లలకు మాత్రం గళ్ళ కాగితం ఇవ్వకండి, రంగులు వేసుకుని కూర్చుంటారు.

మరి మీ పిల్లలకు ఏది?

పుస్తకం తీయకముందే రెండు చిన్న పరీక్షలు పెడితే తేలిపోతుంది. "మూడు నాలుగులకు బొమ్మ గీయి" అనండి. మూడు ఒకచోట, నాలుగు ఒకచోట గీస్తే గుంపులతో మొదలుపెట్టండి, వాడికి ఎక్కం ఎన్నోది వచ్చినా సరే. బొమ్మ సరిగ్గా గీసి, "ఐదు ఆర్లు ముప్పై, అయితే ఆరు ఐదులు ఎంత?" అంటే మళ్ళీ మొదటినుంచి లెక్కిస్తే వరుసలు కావాలి. ఈ రెండూ దాటి, పెద్ద లెక్కలో ఖాళీ ఎందుకు వదులుతున్నామో చెప్పలేకపోతే గళ్ళ కాగితం. వయసును బట్టి ఎంచుకోకండి. రెండో తరగతి చివర్లో వరుసలకు సిద్ధమైనవాళ్ళున్నారు, ఐదో తరగతిలో గుంపులు కావలసినవాళ్ళూ ఉన్నారు.

ఒకటే ఎంచుకోమంటే నేను వరుసలే అంటాను. టైము లేని ఇళ్ళలో, రాత్రి అన్నం తిన్నాక పావుగంట కూర్చునే అమ్మానాన్నలకు, ఒక చుక్కల అట్ట, ఒక నోట్‌బుక్, ఒక చీపురు పుల్ల చాలు. గుంపులకు ఆ తర్వాత తిరిగి వెళ్ళవచ్చు, సున్నా కోసం, భాగహారం కోసం. కానీ ఏడు నాలుగులంటే ఏడూ నాలుగూ కలిపి పదకొండు అనే దశలో ఉన్న పిల్లలకు వరుసలు పెట్టి లాభం లేదు, చుక్కలు లెక్కపెడుతూ ఉంటారంతే.

వల్లె వేయించడం మానేయాలా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. మానేయొద్దు. ప్రతిసారీ పుల్ల పెట్టి విడదీసుకుంటూ కూర్చుంటే నాలుగో తరగతిలో పెద్ద భాగహారాలు కదలవు. ఏడు ఎనిమిదులు అనగానే యాభై ఆరు రావాల్సిందే. కాకపోతే ఎంత వల్లె వేయించాలన్నదే వరుసలు తేల్చే విషయం. ఒకటి నుంచి పది దాకా వంద గుణకారాలు. తిప్పితే ఒకటే అని తెలిశాక యాభై ఐదు మిగిలాయి. ఒకట్లు, రెళ్ళు, ఐదులు, పదులు పిల్లలకు అలవోకగా వస్తాయి, వాటిని తీసేస్తే ఇరవై ఒకటి. తొమ్మిదులకు పది నిలువు వరుసలు పేర్చి ఒక వరుస తీసేస్తే చాలని కనిపెట్టినవాళ్ళకు (ఆరు తొమ్మిదులంటే అరవైలోంచి ఆరు పోతే యాభై నాలుగు) ఇంకా ఆరు పోతాయి. మిగిలింది పదిహేను. మూళ్ళు, నాలుగులు, ఆర్లు, ఏళ్ళు, ఎనిమిదుల మధ్యవి మాత్రమే.

ఈ పదిహేనుకీ పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరించి కార్డులు చేశాను. ముందు ఏడు ఎనిమిదులు అని రాసి, వెనక చుక్కలు. అంకె వెనక రాయలేదు, గుర్తు రాకపోతే కార్డు తిప్పి పుల్ల పెట్టుకుని తేల్చుకోవాలి. వరస క్రమంలో ఎప్పుడూ అడగను, కలిపేసి అడుగుతాను, లేదంటే మళ్ళీ పాటే అవుతుంది. రోజుకు ఐదు కార్డులు, ఐదు నిమిషాలు. మూడు రోజులు వరసగా తిప్పకుండా చెప్పిన కార్డును పక్కన పెట్టేస్తాం, వారానికోసారి మాత్రం బయటికి తీస్తాం.

"పది దాకే చెప్పారు" అన్న పిల్లాడి దగ్గర చివరికి నాలుగు కార్డులు మిగిలాయి. ఒకరోజు ఇంటర్వెల్‌లో వాడి దగ్గరికెళ్ళి ఏడు పదకొండ్లు మళ్ళీ అడిగాను. చేతిలో అట్టా లేదు, మూతలూ లేవు. గోడకేసి చూస్తూ గాల్లో వేలితో పైనుంచి కిందికి ఒక గీత గీశాడు, ఏడు చుక్కల వరుస ఒకటి. "డెబ్బైకి ఇంకో ఏడు టీచర్. పన్నెండ్లు కూడా చెప్పమంటారా?"